పలకరిస్తే గుండె ఎందుకు కుదుటపడుతుంది?

తిరుపతి పెద్దాస్పత్రుల్లో పొద్దున్నే ఓపీ ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లను కాసేపు గమనించండి. పీలేరు, పుంగనూరు, కుప్పం వైపు నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత చీటీలు, మడత పడకుండా పెట్టుకున్న ఎక్స్‌రే. ఆ కవరును ఒడిలో రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పిలిచే తలుపు వైపే చూస్తుంటారు. అటుగా పోతున్న సిస్టరు ఒకామె ఆగి, "ఏంనా, ఎప్పుడొస్తివి? ఏమన్నా తింటివా?" అంటుంది. జబ్బు గురించి ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. వరస ఒక్క అడుగు ముందుకు జరగలేదు. అయినా ఆ మనిషి వీపు బెంచీకి ఆనుతుంది, కవరు మీద వేళ్లు సడలుతాయి, పక్కనున్న భార్యతో ఏదో మాట కలుపుతాడు.

సమాచారమేదీ మోయని ఆ మాట అంత పని ఎలా చేసింది? ఈ ప్రశ్నను గత వందేళ్లుగా మానవశాస్త్రం ఒకవైపు నుంచి, సమాజశాస్త్రం ఇంకోవైపు నుంచి, మనస్తత్వశాస్త్రమూ వైద్యమూ మరోవైపు నుంచి తడుముతూ వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలింది ఇది. ఎదుట మనిషి కనబడగానే మనసు మూడు సంగతులు తేల్చుకోవాలని చూస్తుంది. ఇతను నన్ను చూశాడా? నా మీద ఏ ఉద్దేశంతో ఉన్నాడు? ఇతని ముందు నేనెవరిని, ఎట్లా మసలుకోవాలి? ఇవి తేలేదాకా ఒళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది. పలకరింపు ఈ మూడింటికీ ఒక్క గుక్కలో జవాబు చెబుతుంది. మూడిట్లో ఏ జవాబు లోపించినా పలకరింపు బలం ఆ మేరకు తగ్గుతుంది. జవాబు ఎదురుతిరిగితే అదే పలకరింపు ఆందోళనను పెంచుతుంది.

ఈ చర్చకు మొదటి మాట బ్రొనిస్లా మలినోవ్‌స్కీది. పసిఫిక్ దీవుల్లో జనం మధ్య ఏళ్ల తరబడి ఉండివచ్చిన ఈ మానవశాస్త్రవేత్త 1923లో రాసిన ఒక వ్యాసంలో, సంగతి చెప్పడానికి కాక కేవలం మనిషికీ మనిషికీ బంధం కలపడానికే ఆడే మాటలు ఉన్నాయన్నాడు. ఎదుటివాడి మౌనం మనిషికి ఊరట కాదు, బెదురు అని కూడా అన్నాడు. మన పల్లెల్లో దీనికి సాక్ష్యం వెతకనక్కర్లేదు. సాయంత్రం రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన దారినపోయేవాణ్ని "యాడికబ్బా పోతాండావు?" అని అడుగుతాడు. "ఇట్నే" అంటే చాలు. ఎక్కడికో చెప్పనందుకు ఆయనకేమీ కోపం రాదు, ఎందుకంటే ఆయన అడిగింది దారి వివరం కాదు. నిన్ను చూశాను, నీతో నాకు పేచీ లేదు అని చెప్పాడు. "ఇట్నే" అన్నవాడు కూడా అదే తిరిగి చెప్పాడు. అదే మనిషి తల తిప్పుకుని పోతే రచ్చబండ మీద రాత్రిదాకా చర్చ సాగుతుంది: వాడికేమైంది, ఎవురి మీద కోపం, పొలం గట్టు సంగతేనా?

అయితే మలినోవ్‌స్కీ మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. తిరుపతి బస్టాండులో రోజూ వేలమంది ఒకరి పక్కన ఒకరు మౌనంగా నిలబడతారు. ఎవరూ ఎవరినీ పలకరించరు, ఎవరికీ బెదురు లేదు. ఈ చిక్కును విప్పింది ఎర్వింగ్ గాఫ్‌మన్. 1963లో వచ్చిన పుస్తకంలో ఆయన పట్నపు మర్యాద ఒకదాన్ని వివరించాడు. కొత్తవాళ్లు ఎదురైనప్పుడు క్షణకాలం చూసి, చూశామని తెలియనిచ్చి, వెంటనే చూపు మళ్లించుకుంటారు. నిన్ను గమనించాను, నీ జోలికి రాను అని ఆ చూపు అర్థం. అంటే అక్కడా ఒక పలకరింపు ఉంది, కంటితో ముగిసిపోయింది. కాబట్టి మౌనమంతా భయపెట్టదు. పలకరింపు రావలసిన చోట వచ్చిన మౌనమే భయపెడుతుంది. రావలసిన చోటు ఏదో ఊరిని బట్టి, పనిని బట్టి, ఎవరికి ఎవరితో అవసరం ఉందో దాన్ని బట్టి మారుతుంది. బస్టాండులో పక్కవాడితో నాకు పనిలేదు. ఆస్పత్రిలో ఆ తలుపు వెనకున్న మనిషి చేతిలో నా ఒళ్లే ఉంది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం: చూశాడా, లేదా? ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. ఎంత పెద్దదో కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త చూపించాడు. 2000లో ఆయన బృందం కంప్యూటరులో ఒక బంతాట తయారుచేసింది. తెర మీద ముగ్గురు ఆటగాళ్లు బంతి విసురుకుంటారు. మొదట నీకూ బంతి వస్తుంది, కాసేపటికి మిగతా ఇద్దరూ వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. అంతకుమించి ఏమీ జరగదు. ఓడిపోయేదీ లేదు, పోయేదీ లేదు. అయినా బంతి రాని మనిషి మనసు కుంగుతుంది. తాను ఎవరికీ కానివాణ్నన్న భావన, పరిస్థితి తన చేతిలో లేదన్న భావన పెరుగుతాయి. తర్వాతి ప్రయోగాల్లో, అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా ఫలితం మారలేదు. లెక్కలోకి రాకపోవడమనే దెబ్బను మనసు ఆలోచించి తెలుసుకోదు, ముందు తగులుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

అదే పరిశోధన వరసలో 2012లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇంకో ప్రయోగం జరిగింది. ఎదురుగా నడిచొస్తున్నవాళ్లలో కొందరి కళ్లలోకి పరిశోధకులు చూశారు, కొందరిని చూసి నవ్వారు, కొందరి వైపు చూపు తిప్పినా వాళ్లు అక్కడ లేనట్టు, వాళ్లకు ఆవల ఉన్నదేదో చూస్తున్నట్టు సాగిపోయారు. వెనకాలే వచ్చిన ఇంకొకరు వాళ్లను ఆపి, ఈ నిమిషంలో మీకు నలుగురితో ఎంత దూరంగా ఉన్నట్టుంది అని అడిగారు. కంట్లో కన్ను కలిసినవాళ్ల కంటే, గాలిని చూసినట్టు చూడబడినవాళ్లు ఎక్కువ దూరం చెప్పారు. ఒక్క చూపు తేడా అది.

ఇప్పుడు ఏ కౌంటరు కిటికీ దగ్గరైనా నిలబడి చూడండి. "పేరు? వయసు? ఊరు?" అడిగేవాడి కళ్లు కీబోర్డు మీదే ఉంటాయి. అతనిలో దురుసుతనం లేదు; వెనక మూడొందల మంది ఉన్నారు, తలెత్తితే వరస నిలిచిపోతుందని భయం. కానీ కిటికీకి ఇవతల ఉన్నవాడికి ఆ లెక్క తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే, తనను చూడలేదు. అందుకే ఊరిపేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది, రెండోసారి అడిగించుకుంటాడు, "గట్టిగా చెప్పు" అనిపించుకుంటాడు, ఇంకా తగ్గుతాడు. తలెత్తి "చెప్పన్నా" అనడానికి పట్టే సమయం, రెండోసారి అడగడానికి పట్టే సమయం కన్నా తక్కువ.

రెండో ప్రశ్న ఉద్దేశం గురించి. ఇక్కడ పనికొచ్చే ఆలోచన చార్లెస్ బర్జర్, రిచర్డ్ కాలబ్రీస్ 1975లో ప్రతిపాదించింది. పరిచయం లేని ఇద్దరు కలిసినప్పుడు వాళ్ల మొదటి అవసరం స్నేహం కాదు, ఎదుటివాడు తర్వాత ఏం చేస్తాడో ఊహించగలగడం అన్నారు వాళ్లు. మొదటి మాటలన్నీ ఆ తెలియనితనాన్ని తగ్గించుకోవడానికే. తెలియనితనం ఒంటికి ఎంత భారమో లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు 2016లో కొలిచారు. 45 మంది చేత కంప్యూటరు ఆట ఒకటి ఆడించారు. తెర మీద రాళ్లు. రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి నొప్పిపుట్టే కరెంటు షాకు. ఆడుతున్నంతసేపూ చెమటనూ కంటిపాప వెడల్పునూ కొలిచారు. షాకు తప్పదని తెలిసినప్పుడు కాదు, తగులుతుందో లేదో సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువైంది. చెడు ఖాయమైతే మనిషి ఒళ్లు దానికి సిద్ధపడి కూర్చుంటుంది. ఏదీ తేలనప్పుడు ప్రతి క్షణం రెండు వైపులకూ సిద్ధంగా ఉండాలి.

ఓపీ బెంచీ మీద ఉన్నవాడికి రెండు రకాల తెలియనితనం ఉంది. ఒకటి జబ్బు గురించి: స్కానింగులో ఏం వస్తుందో, ఆపరేషను అంటారో. దీన్ని ఏ పలకరింపూ తీర్చలేదు. రెండోది మనుషుల గురించి: కసురుతారా, చెబితే వింటారా, చీటీ తప్పు తెచ్చానని వెనక్కి పంపుతారా. పలకరింపు తీర్చేది ఈ రెండోదాన్ని. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, మంచి మాటతో రోగి ధైర్యంగా ఉంటాడని రాసేస్తారు. జబ్బు భయం అట్లాగే ఉంటుంది. మనుషుల భయం దాని మీద ఎక్కి కూర్చుంది కాబట్టి, పైది దిగితే మొత్తం బరువు తగ్గినట్టుంటుంది. మొదటిసారి పెద్దాస్పత్రికి వచ్చే పల్లెటూరి మనిషికి పైనున్న బరువే ఎక్కువైన రోజులు చాలా ఉంటాయి.

మూడో ప్రశ్న, నేనెవరిని. దీనికి జవాబు మన దగ్గర వరసలో ఉంది. చిత్తూరు వైపు కొత్తవాణ్ని పిలిచేటప్పుడు "అన్నా", "అమ్మా", "పెద్దాయనా", "తాతా", "అబ్బోడా" లాంటిది ఏదో ఒకటి తగిలించకుండా మాట మొదలవదు. వరస పెట్టగానే ఇద్దరికీ హద్దులు, బాధ్యతలు ఏర్పడతాయి. "అన్నా" అన్నవాడు కసరడానికి ఒక క్షణం ఆలోచించాలి. అనిపించుకున్నవాడికి ఒక మాట అడిగే చనువు దొరుకుతుంది. తమిళనాడు సరిహద్దు కావడం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. అన్న, అమ్మ, అయ్య రెండు భాషల వాళ్లకూ చెల్లుతాయి. తిరుత్తణి నుంచి వచ్చినామెను "రామ్మా, కూచో" అన్నప్పుడు ఆమెకు తెలుగు వచ్చో రాదో తేలకముందే వరస తేలిపోయింది.

ఇక్కడే బయటి జిల్లాల నుంచి వచ్చిన డాక్టర్లు, ఉద్యోగులు పొరపడే చోటు ఒకటుంది. "రాన్నా, కూచోన్నా, యాడ నొప్పి?" అన్నది చిత్తూరు చెవికి అమర్యాద కాదు. క్రియ ఏకవచనమే గానీ గౌరవమంతా "అన్నా"లో ఉంది. "నువ్వు" అన్నా తప్పు పట్టరు. అదే "అన్నా" తీసేసి "రా, కూచో, యాడ నొప్పి?" అంటే అది హుకుం అయిపోతుంది. యాభై ఏళ్లవాణ్ని "ఏం తాతా" అంటే పలకరింపు పనిచేసినట్టే కనబడుతుంది, కానీ అతను లోపల ముడుచుకుంటాడు. కాబట్టి వరస ఎంపిక మర్యాద ప్రశ్న ఒక్కటే కాదు, ఆందోళన తగ్గుతుందా పెరుగుతుందా అన్నది దాని మీదే ఉంది.

ఇంతవరకూ చెప్పింది మనసు సంగతి. ఒంటి మీద దీని లెక్క చూడాలంటే రక్తపోటు దగ్గరికి రావాలి. డాక్టరును చూడగానే బీపీ పెరుగుతుందని చాలాకాలంగా అనుకుంటున్నదాన్ని ఇటలీలో జ్యుసెప్పె మాంచియా బృందం 1983లో నేరుగా కొలిచింది. ఆస్పత్రిలో ఉన్నవాళ్ల రక్తనాళంలోనే సన్నని గొట్టం ఉంచి, ఎడతెగకుండా ఒత్తిడి రాసుకుంటూ, డాక్టరును మంచం దగ్గరికి పంపారు. డాక్టరు వచ్చిన 1 నుంచి 4 నిమిషాల్లోపు పై అంకె సగటున 27 మి.మీ., కింది అంకె 15 మి.మీ. దాకా ఎగబాకాయి. పది నిమిషాలకు చాలావరకు దిగాయి. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఎక్కువ. ఒకరిలో పై అంకె 4 పెరిగితే, ఇంకొకరిలో 75 దాకా పెరిగింది. 1987లో అదే బృందం నర్సును పంపి చూసింది. నర్సు వచ్చినప్పటి పెరుగుదల డాక్టరు వచ్చినప్పటి దానిలో సగం కూడా లేదు. చేతికి కట్టే పట్టీ అదే, మంచం అదే. మారింది ఎదుట నిలబడ్డ మనిషి, ఆ మనిషి హోదా.

ఇది మన ఓపీలో ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణగా చూద్దాం. పలమనేరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అరవై ఏళ్ల రైతు అనుకోండి. మెట్లెక్కి, వరసలో నిలబడి, పిలవగానే గబగబా లోపలికి వచ్చాడు. కూర్చోకముందే చేతికి పట్టీ. అంకె 168. ఆ అంకె చీటీ మీద పడింది, దాని వెనకాలే మాత్ర పడింది. ఇంటికి వెళ్లి మాత్ర వేసుకుంటే అతని మామూలు బీపీ అసలే ఎక్కువ కాదు కాబట్టి, పొలం గట్టు మీద కళ్లు తిరిగి కూలబడే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఇంకో విధం. సిస్టరు "రాన్నా, ఇట్లా కూచో. ఏ ఊరు మనది? వానలు పడినాయా?" అంటుంది. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చేయి బల్ల మీద పెట్టించి అయిదు నిమిషాలు ఊరకే కూర్చోబెడుతుంది. పట్టీ కట్టాక "ఇప్పుడేం మాట్లాడగాకన్నా" అని తానూ మాట్లాడదు. రెండు నిమిషాల తేడాతో రెండోసారి చూస్తుంది. అంకె 142, తర్వాత 138 అనుకోండి. ఇద్దరు వేర్వేరు రోగులకు రావలసిన నిర్ణయాలు ఒకే మనిషికి రాగలవు.

ఈ ఉదాహరణలో రెండు మెలికలున్నాయి. పలకరింపుకు సరైన చోటు పట్టీ కట్టకముందే. మాట్లాడుతుంటే రక్తపోటు పెరుగుతుంది కాబట్టి, పట్టీ బిగిస్తూ "పిల్లలెంతమంది?" అని అడిగే ప్రేమ అంకెను పాడుచేస్తుంది. రెండోది, పైన తగ్గిన ఆ అంకెల ఘనతంతా పలకరింపుకే ఇవ్వకూడదు. అందులో ఎక్కువ భాగం అయిదు నిమిషాల కుర్చీది. పైగా మాంచియా ప్రయోగంలో అదే డాక్టరు రెండోసారి వచ్చినా మొదటి ఉలికిపాటు తగ్గలేదు. ముఖం పరిచయమైనంత మాత్రాన ఒళ్లు దిగిరాదన్నమాట. పలకరింపు చేసే పని వేరు. కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోమన్నప్పుడు, నన్నెందుకు పక్కన కూర్చోబెట్టారు, నన్ను మరిచిపోయారా అని కుతకుతలాడకుండా ఆ అయిదు నిమిషాలను నిజమైన విశ్రాంతి చేస్తుంది.

ఆపరేషను ముందు భయం మీద ఇంతకంటే పాతదీ, ఇంతకంటే సూటిదీ అయిన ప్రయోగం ఉంది. 1963లో అమెరికాలో లారెన్స్ ఎగ్బర్ట్ బృందం, ఆపరేషనుకు ముందురోజు కొందరు రోగుల దగ్గరికి మత్తు డాక్టరును పంపింది. ఆయన వచ్చి, తానెవరో చెప్పి, రేపు ఏ వేళకు ఏం జరుగుతుందో వివరించి వెళ్లాడు. ఇంకొందరికి కంగారు తగ్గడానికి మందు ఇచ్చారు. తెల్లవారి చూస్తే మందు తీసుకున్నవాళ్లు మగతగా ఉన్నారు గానీ నిమ్మళంగా లేరు. డాక్టరు వచ్చి మాట్లాడినవాళ్లు మెలకువగానే ఉండి నిమ్మళంగా ఉన్నారు. అది ఉత్త పలకరింపు కాదు, కొన్ని నిమిషాల మాట. కానీ ఆ మాటకు తలుపు తెరిచింది పలకరింపే. దీనికి యాభై ఏళ్ల తర్వాత 2013లో, కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ వైద్యురాలు తానే క్యాన్సరుతో ఆస్పత్రి మంచమెక్కి, తన దగ్గరికి వచ్చే సిబ్బందిలో చాలామంది పేరైనా చెప్పడం లేదని గమనించింది. నమస్కారం, నా పేరు ఫలానా అని ప్రతి ఒక్కరూ మొదలుపెట్టాలని ఆమె ఎత్తుకున్న ఉద్యమం ఇంగ్లండులో ఎన్నో ఆస్పత్రులకు పాకింది. 2016లో ఆమె చనిపోయింది. వైద్యురాలిగా అన్నీ తెలిసిన మనిషికే, మంచం మీద పడుకున్నాక, పేరు చెప్పని చెయ్యి పరాయి చెయ్యిగా తోచింది.

తిరుపతిలో ఉండి పలకరింపు గురించి రాస్తూ కొండెక్కకపోతే కుదరదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులో కూర్చున్నవాళ్లకు ఒకరి భాష ఒకరికి రాదు. కన్నడం, తమిళం, మరాఠీ, హిందీ అన్నీ ఒకే గదిలో. గంటల తరబడి కాచుకోవాలి. పిల్లలు ఏడుస్తుంటారు, ముసలివాళ్లకు కాళ్లు లాగుతుంటాయి. ఆ గదిలో ఒక్క మాట అందరిదీ. ఒకరు "గోవిందా" అంటే గదంతా "గోవిందా" అంటుంది. సిబ్బంది, ఫోనులో పలికేవాళ్లు, 2000 నుంచి వేర్వేరు రాష్ట్రాల నుంచి వంతులవారీగా వస్తున్న శ్రీవారి సేవకులు, అందరూ "ఓం నమో వేంకటేశాయ"తోనే మాట మొదలుపెడతారు.

దీని పనితనం వివరించడానికి నాకు బాగా అక్కరకొచ్చింది ప్రయాగ మాఘమేళాలో జరిగిన పరిశోధన. భారతీయ, బ్రిటిష్ మనస్తత్వవేత్తలు కలిసి, నెలరోజులు గంగ ఒడ్డున చలిలో, హోరులో, ఇరుకులో గడిపే కల్పవాసులను మేళాకు ముందూ తర్వాతా ప్రశ్నించి, అదే ఊళ్లలో మేళాకు వెళ్లనివాళ్లతో పోల్చి, 2012లో ఫలితాలు ప్రకటించారు. అంత ఇబ్బంది పడివచ్చినవాళ్లు తమ క్షేమం తగ్గిందని కాదు, మెరుగైందని చెప్పారు. కారణం దేవుడొక్కడే అని పరిశోధకులు వదిలేయలేదు. పక్కనున్నవాడూ నావాడే అన్న భావన ఉన్నచోట, అతని మోచేయి తగలడం దాడి అనిపించదు, అవసరమైతే అతనే పట్టుకుంటాడన్న నమ్మకం ఉంటుంది. కొండమీద "గోవిందా" ఆ భావనను గదిలోకి పిలుస్తుంది. ఆస్పత్రిలో "అన్నా" ఇద్దరి మధ్య వరస పెడితే, ఇక్కడ ఆ మాట అందరికీ ఒకే వరస పెడుతుంది. పక్కవాడి ఉద్దేశం ఏమిటన్న రెండో ప్రశ్నకు అతని పేరూ ఊరూ తెలియకుండానే జవాబు దొరికింది.

కాచుకునే వరసల మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇంకో సంగతి తేటపరుస్తుంది. పని మొదలుకాకముందు కాచుకునే పది నిమిషాలు, మొదలయ్యాక కాచుకునే పది నిమిషాల కంటే పొడవుగా అనిపిస్తాయన్నాడాయన. లోపలివాళ్లకు మనం వచ్చినట్టు తెలుసా అన్న అనుమానమే ఆ పొడవు. కంపార్టుమెంటు తలుపు దగ్గర సేవకుడు నమస్కరించి లోపలికి పంపినప్పుడు, వెంట పాలో, అన్నప్రసాదమో వచ్చినప్పుడు దర్శనం ఇంకా చాలా దూరంలోనే ఉంటుంది. కానీ భక్తుడి లెక్కలో మొదలైపోయింది. తాను లెక్కలోకి వచ్చాడు.

ఇదే చోట పలకరింపు చేయలేనిదేమిటో కూడా చూడాలి. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అక్కడున్నవాళ్లంతా ఒకే నామం పలికేవాళ్లే, ఒకరినొకరు పరాయిగా చూసుకునేవాళ్లు కారు. అయినా గేటు ఎప్పుడు తెరుస్తారు, టోకెన్లు ఎన్ని, వెనకున్నవాళ్లకు దొరుకుతాయా అన్నవాటికి పలకరింపులో జవాబు ఉండదు. దానికి మైకులో చెప్పే సమాచారం కావాలి, దారి వెడల్పు కావాలి, బారికేడ్లు సరిగా ఉండాలి. మనుషుల గురించిన తెలియనితనం వేరు, పరిస్థితి గురించిన తెలియనితనం వేరు అన్న తేడా ఓపీ బెంచీ దగ్గర సిద్ధాంతంలా అనిపించవచ్చు. జనం ఒత్తిడిలో అది ప్రాణాల లెక్క.

పలకరింపే భయాన్ని తెచ్చిపెట్టే సందర్భాలూ ఉన్నాయి, వాటిని దాటేసి రాసే వ్యాసాలు నాకు నచ్చవు. సెనెగల్‌లోని వోలోఫ్ జనంలో పలకరింపుల మీద జుడిత్ అర్విన్ 1974లో చేసిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అక్కడ ముందు పలకరించినవాడు తనను కింద పెట్టుకున్నట్టు లెక్క. అందుకే ఎవరు ముందు నోరు తెరవాలన్నదే చిన్న పోరాటం. రాయలసీమ పల్లెకు ఇది పరాయి కథ కాదు. చెప్పులు చేత పట్టుకుని, తలగుడ్డ తీసి "దండం సామీ" అన్నవాడికి అరుగు మీది నుంచి "ఊఁ" అనే జవాబు వచ్చిన రోజులు మన తాతలు చూసినవే. కింద ఉన్నవాడు ఆ దండం పెట్టకపోతే ప్రమాదం, పెడితే ప్రమాదం తప్పిందన్న ఊరట. దాన్ని ఆందోళన తగ్గించే పలకరింపుగా లెక్కేయకూడదు. ఆందోళనను పుట్టించిన ఏర్పాటే ఆ దండాన్నీ అడిగింది. వరస పెట్టి పిలవడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. వరస ఇద్దరి వైపు నుంచీ చెల్లితేనే మనసు కుదుటపడుతుంది. ఒకవైపే "అయ్యా" ఉండి అటునుంచి "ఒరే" వస్తుంటే, ఆ పలకరింపు నేనెవరిని అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబే మనిషిని కుంగదీస్తుంది.

దారిలో ఒంటరిగా పోతున్న ఆడపిల్లను ముక్కూమొహం తెలియనివాడు "ఏమ్మా, యాడికి?" అన్నప్పుడూ అంతే. రచ్చబండ పెద్దాయన అడిగిన మాటే అది. కానీ ఇక్కడ ఉద్దేశం గురించిన ప్రశ్న తేలకపోగా పుడుతుంది. ఇక నలుగురిలో మాట్లాడాలంటేనే వణికే స్వభావమున్నవాళ్లకు ప్రతి పలకరింపూ ఒక పరీక్ష, ఎందుకంటే జవాబు చెప్పాలి. అట్లాంటివాళ్లకు తల ఊపు, చిరునవ్వు చాలు. జవాబు అడగని పలకరింపు వాళ్లకు మేలు.

ఈ మొత్తం పరిశోధనలో నాకు కనబడే బలహీనత ఒకటుంది. చాలా ప్రయోగాలు కొలిచింది ఆందోళనను కాదు, దాని చుట్టాలను: సంతోషం, నలుగురిలో ఉన్నామన్న భావన, శ్రద్ధ. 2014లో కెనడాలో జిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ కాఫీ దుకాణంలో కొందరిని అమ్మేమనిషితో నవ్వి రెండు మాటలు మాట్లాడమన్నారు. వాళ్ల మనసు తేలికైంది. 2021లో టర్కీ పరిశోధకులు బస్సు డ్రైవర్లను పలకరించేవాళ్ల విషయంలో ఇలాంటిదే చూశారు. ఈ రెంటిలో లాభం ఎక్కువగా పలకరించినవాడి వైపు నుంచి కొలిచారు, పలకరించబడినవాడి వైపు నుంచి కాదు. 2007లో అమెరికాలో ముగ్గురు బడిపిల్లల మీద జరిగిన చిన్న అధ్యయనంలో గుమ్మం దగ్గర టీచరు పేరుపెట్టి పలకరిస్తే, తరగతి మొదట్లో పాఠం మీద శ్రద్ధ 45 శాతం నుంచి 72 శాతానికి పెరిగింది. అక్కడ మేలు విన్నవాడిదే. కానీ ముగ్గురే. రక్తపోటూ, చెమటా కొలిచిన ప్రయోగాలు తెలియనితనాన్నీ, హోదానూ మార్చి చూశాయి. ముక్కలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి గానీ, వాటిని కలిపి కుట్టింది మన తర్కం. వ్యాసం మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలను కూడా అట్లాంటి కుట్టుగానే తీసుకోండి.

పలకరింపు నిజంగా పనిచేసిందా లేదా అన్నది ఓపీలో తెలుసుకోవడానికి మాత్రం యంత్రం అక్కర్లేదు. పలకరించాక వచ్చే జవాబు పొడవు చూడాలి. "బాగుండా" అని ముగిస్తే ఇంకా కాపలా దిగలేదు. "బాగుండానుమ్మా, రాత్రి నుంచే నిద్ర లేదు" అని ఒక ముక్క కలిపితే సడలింది. అన్నిటికంటే గట్టి గుర్తు, రోగి తనంతట తాను ప్రశ్న అడగడం. "ఈ మాత్ర అన్నం తిని ఏసుకోవాల్నా, తినకముందా?" అని అడిగినవాడు దాన్ని సరిగా వేసుకునే వీలుంది. అడగకుండా తలూపి వెళ్లినవాడు బస్సెక్కాక పక్కవాణ్ని అడుగుతాడు, లేదా మందుల షాపువాణ్ని, లేదా ఎవరినీ అడగడు. నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు కవరులో మాత్రలు సగం మిగిలే ఉంటాయి, బీపీ అంకె అట్లాగే ఉంటుంది, ఈసారి డాక్టరు మోతాదు పెంచుతాడు.